గొర్లు తాగని నీళ్లు

కురుమయ్య గొంతు ఉదయం పదిన్నర దాటాక మొదలయ్యేది. ఫోనులో ముందు గాలి వినిపించేది, తర్వాత ఎక్కడో బర్రె అరుపు, ఆ తర్వాత ఆయన. "ఆ, మంజులతా, వినవడుతుందా బిడ్డా?" రికార్డు చేసి పంపే మాటకు జవాబు రాదని మూడేళ్లయినా ఆయనకు పట్టలేదు. అడిగి, ఒక క్షణం ఆగి, వినబడుతుందనే లెక్కన ముందుకు పోయేవాడు.

మంజులత పని ఆ గొంతును మెయిలుగా మార్చడం. నల్లగొండ గడియారం సెంటరు దగ్గర మందుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు వాళ్లది. చెరువుల, కుంటల కట్టలు ఎట్లున్నాయో చూసి చెప్పే చిన్న కంపెనీ. ఊళ్లు తిరిగి చూసేది కురుమయ్య. ఏం చేయాలో తేల్చేది హైదరాబాదులో పెద్దాఫీసు. మధ్యలో ఈమె.

కురుమయ్యకు రాత అంటే పడదు. డిప్లొమా చదివినవాడే, ముప్పై ఏళ్లు కట్టల మీదే నడిచినవాడు, కొలతలు నోటి మీద ఉంటాయి. కానీ ఫోనులో అక్షరాలు నొక్కమంటే, "నా వేలు ఒకటి వెడితే మూడు అచ్చరాలు వడుతున్నయి బిడ్డా" అనేవాడు. అందుకని మాట్లాడి పంపేవాడు. ఆఫీసు కంప్యూటరులో ఒక ఏర్పాటు ఉంది. అది ఆ మాటలను అక్షరాల్లోకి దింపుతుంది. దింపుతుంది గానీ, చుక్కా ఉండదు, కామా ఉండదు. తూర్పారబట్టని వడ్ల కుప్పలాగ నాలుగు పేజీలు వచ్చి పడేది.

దాన్ని తూర్పారబట్టడంలో మంజులతకు ఒక పద్ధతి ఉంది. ఎవరూ నేర్పలేదు. అక్షరాలు ముందు పెట్టుకుని, చెవిలో గొంతు వింటూ పోతుంది. కురుమయ్య "ఇరవై అడుగులు" అంటాడు, రెండు మాటల తర్వాత "కాదు కాదు, నడిచి కొలిచిన, ముప్పై" అంటాడు. కాగితం మీద రెండూ ఒకే తీరుగా ఉంటాయి. గొంతులో మాత్రం రెండోదే గట్టిగా ఉంటుంది. ఆమె ముప్పై రాస్తుంది. ఏ ఊరు, ఏ కట్ట, ఏమైంది, ఎంతైంది, ఏం కావాలి. ఐదు వరుసల్లో తేల్చేస్తుంది. హైదరాబాదులో రామచంద్రయ్య అనే పెద్ద ఇంజనీరు వాటిని చదువుతాడు. రోజుకు ఆయన ముందుకు అలాంటివి నలభై వస్తాయి. "మీ మెయిలైతే నిలబడి చదివేయొచ్చమ్మా" అన్నాడొకసారి. ఆ మాటను ఆమె వారం రోజులు కొంగున ముడివేసుకుని తిరిగింది.

ఈ విద్య ఆమెకు పోస్టు కార్డు నేర్పింది. ఆమె పుట్టింది అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో. తండ్రి పర్వతాలు గొర్ల కాపరి. చిన్నాయన మల్లప్ప బొంబాయిలో మట్టిపనికి పోయాడు. ఆయనకు ఉత్తరం రాయాలంటే ఇంట్లో చదువుకున్నది పదేళ్ల మంజులత ఒక్కతే. అవ్వ గుర్వమ్మ గడపలో కూర్చుని గంటసేపు చెప్పేది. వాన, పక్కింటి కొట్లాట, కోడలి దగ్గు, ఎర్రబర్రె సూడి. కార్డు మీద పట్టేది పన్నెండు వరుసలు. మంజులత ఏరుకునేది.

"ఎర్రబర్రె సంగతి రాసినవా?" అని అడిగేది అవ్వ.

"జాగా లేదవ్వా. బర్రె సంగతెందుకు ఆయనకు?"

"ఆడికేం కావాల్నో నీకెట్ల తెలుస్తది పోరీ? రాయి."

మంజులత రాయలేదు. నెల తర్వాత చిన్నాయన ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది. ఉన్నది మూడే వరుసలు. అందులో ఒకటి, ఎర్రబర్రె ఈనిందా అని. అవ్వ ఆ కార్డును దూలం సందున దోపి, వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వింది.

బడిలో మాత్రం అంత నవ్వు లేదు. ఆమె తరగతిలోకి రాగానే వెనక బల్ల మీది పిల్లలు, "గొర్ల మందొచ్చిందే, ముక్కు మూస్కోండ్రి" అనేవాళ్లు. మంజులత సబ్బు ఎక్కువ రుద్దుకునేది. డిగ్రీ చదివింది, టైపు నేర్చింది, నల్లగొండకు కోడలై వచ్చింది. గొర్ల ఊసు ఎక్కడొచ్చినా మెల్లగా పక్కకు జరగడం అలవాటు చేసుకుంది.

కానీ కురుమయ్య మాటల్లో గొర్లు లేని రోజుండదు. ఆయనా గొర్ల మందల ఇంటివాడే. ఆయనకది దాచుకునే సంగతి కాదు. కట్ట ఎంత పొడవుందో చెప్పడానికి, "ఒక మంద వరుసన నడిస్తే ముందు గొర్రె ఆ చివర, ఎనక గొర్రె ఈ చివర" అంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మంజులత ఒక మెయిలులో పొరపాటున అలాంటి మాటొకటి ఉంచింది. మర్నాడు పెద్దాఫీసు మీటింగులో ఎవరో దాన్ని గట్టిగా చదివారట. అంతా నవ్వారట. రామచంద్రయ్య ఫోను చేసి, కోపంగా కాదు, నవ్వు మిగిలిన గొంతుతోనే అన్నాడు: "మంజులత గారూ, గొర్రెలకు మన మెయిళ్లలో పనిలేదమ్మా."

ఆయన అంతటితో మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. ఆ రోజు నుంచి కురుమయ్య మాటల్లో గొర్రె కనబడితే, దాని ముందూ వెనకా ఉన్న వాక్యంతో సహా తీసేసేది. చేతికి అలవాటైపోయింది. బియ్యంలో రాయి ఏరినట్టు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి గట్టిగా కురిశాయి. సెప్టెంబరు మొదటివారంలో ఒక మంగళవారం కురుమయ్య మోత్కూర్ దగ్గరి ఈదులకుంటకు పోయాడు. పదకొండు నిమిషాల గొంతు వచ్చింది. అక్షరాల కుప్పలో అది ఇలా ఉంది:

"ఆ మంజులతా వినవడుతుందా బిడ్డా పొద్దుగాల మోత్కూర్ల దిగిన బస్టాండు కాడ ఇడ్లీ తిన్న చట్నీల ఉప్పు ఎక్కువైంది అది వేరే సంగతి ఆటో దొరకలే నడిసిన కుంట నిండుకు వచ్చింది అలుగుకు మూరెడు తక్కువ కాదు కాదు రెండడుగులు తక్కువ పుల్ల పెట్టి చూసిన తూము తలుపు మంచిగనే లేస్తాంది తూము రాయి మీద పందొమ్మిది వందల అరవై రెండు అని చెక్కిండ్రు నాకంటె నాలుగేండ్లు పెద్దది అయినా నాకంటె గట్టిగున్నది ఇగ కట్ట కింద తూముకు ఎడమ పక్క ముప్పై అడుగుల మీద ఊటున్నది బొటనవేలంత ధార ఊట ఎప్పటినుంచో ఉన్నదే అంటుండ్రు నేను పొయ్యేసరికి బర్లు తొక్కి ఆగమాగం చేసినయి రంగు ఏందో నేను చెప్పలేను ఆడ్నే గోపమ్మ అని ముసలామె దొడ్డి ఉన్నది ఆమె సల్ల పోసింది మస్తున్నది సల్ల ఆమె అంటది ఎండకాలం గూడ నా గొర్లు గీ ఊట నీళ్లే తాగుతయి సారూ నాల్గు రోజులసంది మూతి పెట్టి తిప్పుకుంటున్నయి అని ఆమె కోడలు భద్రమ్మ నంబరు తీసుకున్న రాసుకో..." తర్వాత పది అంకెలు. ఆ తర్వాత గోపమ్మ మోకాళ్ల నొప్పి, దానికి కురుమయ్య చెప్పిన ఆకు. చివరికి, "జర చూడుమను సార్‌ను."

"జర చూడుమను సార్‌ను" అనేది ఆయన ప్రతి గొంతు చివరా వస్తుంది. మంచిగున్న కట్టకూ అదే, బీటలు వారిన కట్టకూ అదే. పెద్దవాళ్లను తొందరపెట్టడం ఆయనకు తెలియదు. మంజులతకు అది దండం పెట్టినట్టే వినబడుతుంది, అడిగినట్టు కాదు.

ఆమె పన్నెండు నిమిషాల్లో మెయిలు పంపింది. రాసింది ఇంగ్లీషులో. మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే:

*ఈదులకుంట, మోత్కూర్ దగ్గర. నీరు అలుగుకు రెండడుగులు తక్కువ. తూము తలుపు పనిచేస్తోంది. తూముకు ఎడమ వైపు ముప్పై అడుగుల దూరంలో కట్ట అడుగున ఊట, బొటనవేలంత ధార, ఎప్పటినుంచో ఉన్నదే. వీలుచూసి పరిశీలించగలరు.*

ఒక్క అంకె తప్పు లేదు. చెప్పని మాట ఒక్కటి చేర్చలేదు. పంపి, టిఫిను డబ్బా తెరిచింది.

మర్నాడు ఉదయానికే పెద్దాఫీసు నుంచి జవాబు: పాత ఊట. వానలు పోయాక మరమ్మతుల జాబితాలో చేర్చండి.

ఆమె చేర్చింది. అప్పటికి కురుమయ్య అచ్చంపేట వైపు పోయాడు. పదకొండు గంటలకు ఆయన గొంతు వచ్చింది. అక్కడి చెక్‌డ్యాముల సంగతి, దారిలో విరిగిపడ్డ చెట్టు, ఒకచోట తిన్న జొన్నరొట్టె. మంజులత సగం వింటూ సగం టైపు చేస్తోంది. చివర ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"నిన్నటి గోపమ్మ యాదికొస్తాంది బిడ్డా. మోకాళ్లు పట్టుకపోయినయి, అయినా గొర్లను నీళ్లకు రెండు మైళ్లు తోలుకపోతాందట వాగు దాకా. పాపం. సరే, జర చూడుమను సార్‌ను."

మంజులత చేతులు ఆగాయి.

దొడ్డి పక్కనే ఊట. అందులో నీళ్లు. ముసలామె మోకాళ్లు పనిచేయవు. మరి రెండు మైళ్లు ఎందుకు?

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఏ ఇంజనీరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు తండ్రి వెంట వాగుకు పోయినప్పుడు చూసేది. ముందు గొర్రె నీళ్లకు మూతి తాకించి, తల పక్కకు తిప్పుకునేది. వెనక మందంతా నిలబడిపోయేది. తండ్రి తిట్టేవాడు కాదు. పైకి నడిచి తేటనీళ్లు వెతికేవాడు. "గొర్రె ఆకలికి ఆగది గని, బురదకు ఆగుతది బిడ్డా" అనేవాడు.

నాలుగు రోజుల నుంచి ఊట నీళ్లలో మట్టి వస్తోంది. ఆ మట్టి ఆకాశం నుంచి రాదు. కట్ట లోపలి నుంచే రావాలి. తేటనీళ్లు ఊరుతుంటే కట్ట చెమర్చినట్టు. మట్టి నీళ్లు వస్తున్నాయంటే లోపల దారి తొలుచుకుంటోందన్నమాట. ఊళ్లలో దాన్ని బుంగ అంటారు. కట్టకు బుంగ పడిందంటే దాని కింద ఎవరూ పడుకోరు.

కింద గోపమ్మ దొడ్డి ఉంది. దొడ్డి పక్కనే ఇల్లు.

మంజులత నిన్నటి అక్షరాల కుప్ప మళ్లీ తెరిచింది. అంతా అక్కడే ఉంది. "రంగు ఏందో నేను చెప్పలేను" అని కురుమయ్య చెప్పాడు. బర్లు తొక్కాయి కాబట్టి తన కళ్లను తనే నమ్మలేదు. నమ్మదగిన మాట గోపమ్మది అనుకుని అది చెప్పాడు, నంబరుతో సహా. ఆమె ఆయన అనుమానాన్నీ తీసేసింది, సాక్ష్యాన్నీ తీసేసింది. గొర్రె ఉన్నదని. మిగిలిన మెయిలు నున్నగా, నమ్మకంగా ఉంది. చదివినవాళ్లు నమ్మారు.

కురుమయ్యకు ఫోను చేసింది. కలవలేదు. అడవి అంచున సిగ్నలు ఎప్పుడూ అంతే. మళ్లీ చేసింది. కలవలేదు.

వెంటనే ఇంకో మెయిలు కొట్టేయాలనిపించింది, మట్టి నీళ్లు వస్తున్నాయి, ప్రమాదం అని. కీబోర్డు మీద చేయి పెట్టి తీసేసింది. మట్టి అని ఎవరన్నారు? కురుమయ్య అనలేదు. గోపమ్మా అనలేదు. గొర్లు మూతి తిప్పుకుంటున్నాయని మాత్రమే అన్నది. నిన్న ఉన్నది తీసేసింది. ఇవాళ లేనిది చేరిస్తే అదీ తప్పే అవుతుంది. ఆ పది అంకెలు నొక్కింది.

ఎత్తింది కోడలు భద్రమ్మ. సంగతి సగం వినేసరికే, "ఆగుండ్రి, మా అత్తకిస్త" అంది. ఫోను చేయి మారింది.

"ఎవలు?"

"అవ్వా, నేను నల్లగొండ ఆఫీసు నుంచి మంజులత. నిన్న కురుమయ్య సార్ వచ్చిండు గదా, ఆయన ఆఫీసు."

"ఆ, సల్ల తాగిండు. ఆకు చెప్పిండు. ఆ ఆకు యాడ దొరుకుతదో చెప్పకపాయె."

"అడిగి చెప్త అవ్వా. ముందొక ముచ్చట చెప్పు. నీ గొర్లు ఊట నీళ్లు ఎందుకు తాగుతలేవు?"

"నువ్వెవరి బిడ్డవే?" అంది గోపమ్మ.

ఇరవై ఏళ్లుగా మంజులత ఆ ప్రశ్నకు ఊరి పేరు చెప్పి తప్పించుకునేది. ఇప్పుడు, "గొర్ల కాపరి బిడ్డను అవ్వా. అచ్చంపేట దిక్కు" అంది.

"మరి గొర్లు ఎందుకు తాగవో నన్నడుగుతవానే! నీ బాపు ఏం నేర్పిండు నీకు? ఎర్రనీళ్లు బిడ్డా. అడుగున మన్ను జారుతాంది."

"బర్లు తొక్కినందుకా?"

"యాడి బర్లు? నిన్న ఆ సారు బర్లను రానియ్యకు అన్నడని ముండ్లకంప కొట్టిచ్చిన. ఇయ్యాల ఒక్కటి రాలే. అయినా ఎర్రగనే ఉన్నయి. నిన్న బొటనవేలంతుండె, ఇయ్యాల రెండు వేళ్లంత వస్తాంది."

మంజులత రాసుకుంటోంది. గోపమ్మ అన్నది అన్నట్టే, గొర్లతో సహా.

"అవ్వా, ఒక గాజు సీసా ఉంటదా? నీళ్లు బయటికొచ్చే కాడ్నే పట్టి, అరగంట కదలకుండ పెట్టుండ్రి. భద్రమ్మను ఫోటో తీసి పంపుమను. నువ్వు మాత్రం ఆడ నిలవడకు. గొర్లను ఎత్తు జాగకు తోలు."

"సీసాల నీళ్లు జూసి ఆఫీసోళ్లు ఏం జేస్తరే? గొర్రె జూసింది సాలదా?"

"సాలదవ్వా" అంది మంజులత. చెప్తుంటే తనకే సిగ్గేసింది. "మా వోళ్లకు సీసనే కావాలె."

ఫోటో వచ్చేలోగా మెయిలు రాసిపెట్టుకుంది. ఆమె రాసిన వాటిలో అది అన్నిటికంటే పొడవైనది. అయినా మొదటి వరుసలోనే తేల్చింది.

*ఈదులకుంట: ఈరోజే నిర్ణయం కావాలి. కట్ట అడుగు ఊటలో మట్టి వస్తున్నట్టుంది.*

*చూసింది: మంగళవారం కురుమయ్య గారు వెళ్లేసరికి పశువులు తొక్కి ఉన్నందున నీళ్ల రంగు ఆయన నిర్ధారించలేదు. ధార బొటనవేలంత.*

*విన్నది: కట్ట కింద నివసించే గోపమ్మ, ఏడాది పొడుగునా ఆ ఊట తాగే గొర్లు నాలుగు రోజులుగా తాగడం లేదని మంగళవారం కురుమయ్య గారికి చెప్పింది. ఈరోజు నాతో ఫోనులో: పశువులను ఆపినా నీళ్లు ఎర్రగానే ఉన్నాయి, ధార రెండు వేళ్లంత అయింది.*

*తెలియనిది: ఇంజనీరు ఎవరూ ఈరోజు చూడలేదు. కురుమయ్య గారికి ఫోను కలవడం లేదు.*

*నిన్నటి మెయిలులో గోపమ్మ మాట, రంగు తెలియలేదన్న మాట రెండూ నేను వదిలేశాను. కురుమయ్య గారు చెప్పారు. తప్పు నాది.*

చివరి వరుస ఒకసారి చెరిపింది. మళ్లీ రాసింది. అది లేకపోతే, నిన్న చెప్పని మాట ఇవాళ ఎక్కడినుంచి వచ్చిందని కురుమయ్యను అడుగుతారు.

ఫోటో వచ్చింది. నూనె సీసా. పైన లేత ఎరుపు నీళ్లు, అడుగున అర అంగుళం మట్టి పేరుకుని ఉంది. దాన్ని జతచేసి, మెయిలు పంపి, ఆ వెంటనే రామచంద్రయ్యకు ఫోను చేసింది. మెయిలు నలభైలో ఒకటై కూర్చుంటుందని ఆమెకు తెలుసు.

"చెప్పండమ్మా. మీటింగులో ఉన్నా, త్వరగా."

"సార్, ఈదులకుంట సంగతి. గొర్లు ఊట నీళ్లు తాగుతలేవు సార్."

అవతల నిట్టూర్పు. "మళ్లీ గొర్రెలా, మంజులత గారూ?"

"అవును సార్, గొర్లే." ఆమెకు ఆఫీసు భాష జారిపోయింది, పట్టుకోలేదు కూడా. "నీళ్లల్ల మన్నొస్తాందని తాగుతలేవు. సీసల పట్టిచ్చిన, అడుగున అరంగుళం దిగింది. ధార నిన్నటికి ఇయ్యాలటికి రెండింతలైంది. కుంట నిండుగున్నది. ఫోటో పంపిన. కట్ట కింద ఇల్లున్నది సార్."

నిట్టూర్పు మళ్లీ రాలేదు. కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు తీసిన చప్పుడు.

"ఫోటో చూస్తున్నా" అన్నాడు రామచంద్రయ్య. గొంతు మారిపోయింది. "వినండి. ముందు కట్ట కింద ఎవరూ ఉండొద్దు. ఇంకొకటి, ఊట నోరు మూయొద్దని చెప్పండి. మట్టి వేసి మూసేయాలనిపిస్తుంది వాళ్లకు. మూస్తే పక్కనుంచి తన్నుకొస్తుంది. తూము తీయించమని డిపార్ట్‌మెంటుకు నేను చెప్తా. మీరు కురుమయ్యను పట్టుకోండి."

పట్టుకోవడానికి గంట పట్టింది. ఒక గుట్ట ఎక్కినప్పుడు ఆయన ఫోనుకు ఊపిరొచ్చింది. సంగతంతా విని, "నేను నిన్ననే చెప్పిన గద బిడ్డా" అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అందుకే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"చెప్పిండ్రు సార్. నేనే తీసేసిన."

"తీసేసినవా?" అన్నాడు. "నేను గూడ ఇడ్లీ సంగతి, సల్ల సంగతి అన్ని కలిపి పోస్తి. నువ్వైతే ఎన్నని ఏరుతవు తియ్యి. నేను బయలెల్లుతున్న. ఇసుక, కంకర రెడీ జేయమని సార్‌కు చెప్పు. సంచులు గూడ."

ఈదులకుంట నీళ్లు పొలాలకు వదిలే నీరటి కాటమయ్య తూము తలుపు పూర్తిగా ఎత్తాడు. కుంట నీళ్లు పొలాల వైపు పోసాగాయి. ఊళ్లోవాళ్లు పారలు, తట్టలతో వచ్చారు. రామచంద్రయ్య అనుకున్నట్టే, ఒకాయన ఊట నోట్లో బంకమట్టి కూరబోయాడు. భద్రమ్మ ఆపింది. "మూయొద్దన్నరు ఆఫీసోళ్లు. మూస్తే పక్కకెల్లి పొడుసుకొస్తదట" అని చేతులు అడ్డం పెట్టి నిలబడింది. ఇల్లు ఖాళీ చేయమంటే గోపమ్మ మాత్రం కదలలేదు. "గొర్లు దాటినంక నేను దాటుత" అంది. సగం ఊరు పారలు వదిలి గొర్లను తోలింది. చివరి పిల్ల ఎత్తు మీదికి ఎక్కాక కర్ర తీసుకుని లేచింది.

కురుమయ్య వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఊట చుట్టూ ఇసుక సంచులు గుండ్రంగా పేర్పించాడు. మధ్యలో ముందు ఇసుక పోయించాడు, దాని మీద సన్న కంకర, దాని మీద దొడ్డు కంకర. నీళ్లు వస్తూనే ఉండాలి, మన్ను మాత్రం లోపలే ఆగిపోవాలి. అదీ అందులోని కిటుకు. చీకటి పడేలోగా ధార కంకర మీదుగా పారింది. అప్పటికింకా ఎర్రగానే ఉంది. కుంట మట్టం జానెడు తగ్గింది.

ఆ రాత్రి మంజులత అన్నం కలిపి అలాగే వదిలేసింది. భర్త ఏమైందని అడిగితే, "ఒక మెయిలు తప్పు రాసిన" అంది. మెయిలు తప్పుకు అన్నం మానేస్తారా అన్నట్టు చూశాడాయన. ఆమె వివరించలేదు.

రెండో రోజు నీళ్ల ఎరుపు తగ్గింది. పెద్దాఫీసు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి చూసి, కట్టలో ఎక్కడ గుల్లబడిందో తవ్వి కట్టే పనికి రాసిపోయారు. కట్ట నిలిచింది. మంజులతకు చెప్పాల్సిన నాలుగు మంచి మాటలు రామచంద్రయ్య మెయిలులో చెప్పాడు. ఇకనుంచి ఫీల్డు నుంచి వచ్చే ప్రతి మెయిలులో 'చూసింది', 'విన్నది', 'తెలియనిది' అని మూడు విడివిడి వరుసలు ఉండాలని అన్ని ఆఫీసులకూ రాశాడు. అది ఆమె మెయిలు నుంచి తీసిందే. ఎవరిదో చెప్పలేదు. ఆమె పట్టించుకోలేదు. తనకొచ్చిన మెయిలు చివరి వరుసలో మాత్రం, వదిలేసిన సంగతి మీద హెచ్చరిక ఒకటి ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, తగినదే అనుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం రామచంద్రయ్యే ఫోను చేశాడు. ఏవో కట్టల సంగతులు అడిగాడు. పెట్టేయబోతూ, కొంచెం నసిగాడు.

"మంజులత గారూ, అదీ... గొర్రెలు తాగాయా?"

"అడిగి చెప్త సార్" అంది. ఆమె నవ్వడం ఆయనకు వినబడలేదేమో.

మర్నాడు ఈదులకుంట నుంచి కురుమయ్య గొంతు పద్నాలుగు నిమిషాలు వచ్చింది. మోత్కూర్ బస్టాండు హోటలువాడు చట్నీ ఉప్పు సరిచేశాడట. ఆకు కోసం గోపమ్మను వెంటబెట్టుకుని గుట్ట దాకా పోయాడట. దారిలో ఆమె తన పెళ్లినాటి సంగతులు చెప్పిందట. అవీ చెప్పాడు. మంజులత అక్షరాల కుప్పను పక్కకు జరిపి, కళ్లు మూసుకుని, ఉత్త గొంతునే విన్నది. తొమ్మిదో నిమిషంలో ఊట దగ్గరి గాలి, ఆ గాలిలో గంటల చప్పుడు, చాలా గొర్లు ఒకేసారి నీళ్లు పీల్చే చప్పుడు.

"వినవడుతుందా బిడ్డా?" అన్నాడు కురుమయ్య. అడిగి, ఒక క్షణం ఆగాడు.

"వినవడుతాంది సార్" అంది మంజులత, ఖాళీ గదిలో.

మెయిలు ఆరు వరుసలు అయింది. 'విన్నది' అన్నచోట ఒకటే వాక్యం రాసింది. గొర్లు తాగుతున్నాయి.